కేస్ స్టడీ: స్టేటస్ ప్రాసెస్డ్, అకౌంట్లో మాత్రం సున్నా – ఒక మెచ్యూరిటీ డబ్బుల లెటర్

బెంగళూరు కేఆర్ పురంలో టాక్స్ పేపర్లు, ఇన్సూరెన్స్ పేపర్ల పని చేస్తుంటా. నా దగ్గరికి వచ్చే, పాలసీ గడువు తీరి డబ్బు రావాల్సిన మెచ్యూరిటీ కేసుల్లో ఎక్కువ శాతం గొడవ ఏంటంటే కంపెనీ డబ్బులు ఇవ్వను అనడం కాదు, ఇచ్చేశాం అనడం. సైట్‌లో చూస్తే ప్రాసెస్డ్ అని ఉంటుంది, కస్టమర్ కేర్ వాళ్ళు కూడా అదే చదివి వినిపిస్తారు, పాస్‌బుక్ ప్రింట్ వేయిస్తే పైసా ఉండదు. ఇలాంటి కేసులో లెటర్ ఎలా రాయాలి, ఏం జత చెయ్యాలి అనేది ఒక కేసు మొత్తం పెట్టి చెప్తా. కంపెనీ పేరు, మనిషి పేరు చెప్పను.

మదనపల్లి వైపు నుంచి వచ్చి ఇక్కడ రామమూర్తి నగర్‌లో టైలరింగ్ షాపు పెట్టుకున్న అక్క ఆవిడ. 2004 నవంబర్ 28న 20 ఏళ్ళ ఎండోమెంట్ పాలసీ తీసుకుంది, సమ్ అష్యూర్డ్ రెండున్నర లక్షలు. ఏటా ప్రీమియం తప్పకుండా కట్టింది, బోనస్‌లు 2,30,000 చేరాయి, మొత్తం 4,80,000 రావాలి, 2024 నవంబర్ 28న. లోన్ లేదు, పాలసీని ఇంకొకరి పేర రాసిచ్చే అసైన్‌మెంట్ లేదు, లాప్స్ లేదు, ఇంత క్లీన్‌గా ఉన్న పాలసీ కూడా ఆగింది. ఫిబ్రవరిలో నా దగ్గరికి వచ్చి "అన్నా, నా దుడ్డు యాడ పోయింది, వాళ్ళేమో పంపించినాం అంటారు, బ్యాంకోళ్ళేమో రాలేదంటారు, నేనెవరి మాట నమ్మాల?" అంది.

ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, అదే ఇక్కడ తమాషా. కంపెనీ సిస్టమ్‌లో ప్రాసెస్డ్ అంటే క్లెయిమ్ పాస్ అయ్యి పేమెంట్ ఫైల్లోకి ఎక్కింది అని అర్థం, అంతే, అకౌంట్లో పడింది అని కాదు. ఆ రెండిటి మధ్యలో డబ్బు వెనక్కి తిరిగొస్తే బ్రాంచ్ కౌంటర్లో ఉన్న మనిషికి చాలాసార్లు కనపడదు కూడా.

అందుకే నేను మొదట అడిగించేది స్టేటస్ కాదు, యూటీఆర్ నంబర్. ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి డబ్బు పంపే నెఫ్ట్‌లో ప్రతి ట్రాన్సాక్షన్‌కీ ఒక యూటీఆర్ ఉంటుంది, 16 అక్షరాలు అంకెలు కలిపి. అది ఇచ్చారంటే మన బ్యాంకు దాన్ని పట్టుకుని ఎక్కడుందో చూడగలదు. ఇవ్వలేదంటే డబ్బు వాళ్ళ గడప దాటలేదని దాదాపు ఖాయం. ఇంకోటి, నెఫ్ట్‌లో డబ్బు నెలల తరబడి మధ్యలో ఎక్కడో వేలాడుతూ ఉండదు. అవతలి బ్యాంకు క్రెడిట్ చెయ్యలేకపోతే ఆ బ్యాచ్ అయిన రెండు గంటల్లోపు వెనక్కి పంపాలి, అది రూలు. కాబట్టి నవంబర్‌లో పంపాం, ఫిబ్రవరిలో ఇంకా బ్యాంకులో ప్రాసెస్‌లో ఉంది అని ఎవరైనా చెప్తే ఆ మాట నిలబడదు, డబ్బు వాళ్ళ దగ్గరే ఉంది.

అక్కని బ్రాంచ్‌కి పంపించి యూటీఆర్ రాసిమ్మని అడగమన్నా. నోటితో చెప్తే వద్దు, మెయిల్ అయినా సరే కాగితం అయినా సరే అన్నా. మెయిల్ వచ్చింది, ఒకే ముక్క: బ్యాంకు వివరాలు చెల్లనందువల్ల నెఫ్ట్ రిజెక్ట్ అయ్యింది, కొత్త బ్యాంకు ప్రూఫ్, కాన్సిల్డ్ చెక్ సబ్మిట్ చెయ్యండి. యూటీఆర్ ఊసే లేదు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, హమ్మయ్య కారణం తెలిసింది కదా అని కొత్త చెక్కు ఒకటి తీసుకెళ్ళి కౌంటర్లో ఇచ్చేసి వస్తారు. డబ్బులు వస్తాయి, నేను కాదనను. కానీ వడ్డీ పోతుంది. ఎందుకంటే ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ పాలసీదారుల రక్షణ నిబంధనల ప్రకారం మెచ్యూరిటీ డబ్బు గడువు తేదీకి ఇవ్వాలి, కంపెనీ వైపు నుంచి లేటైతే ఆర్బీఐ ప్రకటించే బ్యాంక్ రేటు మీద 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. ఆ వడ్డీ మొదలయ్యేది గడువు తేదీ నుంచి, లేదా కావాల్సిన చివరి డాక్యుమెంట్ అందిన తేదీ నుంచి, ఏది ఆలస్యమైతే అది. మనం ఫిబ్రవరిలో నోరు మూసుకుని కొత్త చెక్కు ఇచ్చామా, చివరి డాక్యుమెంట్ ఫిబ్రవరిలోనే అందింది అని వాళ్ళ రికార్డులో పడుతుంది, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా గాలికి పోయినట్టే.

కాబట్టి ఈ కేసులో అసలు ప్రశ్న ఒక్కటే, సరైన బ్యాంకు వివరాలు వాళ్ళ చేతికి ఎప్పుడు అందాయి?

అక్క అకౌంట్ మొదట ఆంధ్రా బ్యాంకుది. 2016లో కంపెనీ వాళ్ళు, డబ్బు ఏ అకౌంట్లో వెయ్యాలో రాసిచ్చే నెఫ్ట్ మాండేట్ అడిగితే అప్పటి చెక్కు ఇచ్చింది, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ `ANDB0` తో మొదలయ్యేది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు 2021 మార్చి 31 దాకా నడిచి ఆ తర్వాత ఆగిపోయాయి. అక్క అకౌంట్ నంబర్ మారలేదు, కోడ్ మాత్రం `UBIN0` తో మొదలయ్యేది వచ్చింది. అకౌంట్ నంబర్ అదే కదా అని ఎవరూ పట్టించుకోరు, నెఫ్ట్‌కి మాత్రం కోడే దారి. ఇది ఆంధ్రా బ్యాంకు ఒక్కదానిదే కాదు, బెంగళూరులో అయితే ఇలాగే వేరే బ్యాంకుల్లో కలిసిపోయిన విజయా బ్యాంకు, సిండికేట్ బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు అకౌంట్లతో ఇచ్చిన పాత మాండేట్లు ఎన్ని ఫైళ్ళలో అలానే పడున్నాయో.

అంటే తప్పు అక్కదా, కంపెనీదా? 2024లో కూడా పాత చెక్కే ఇచ్చి ఉంటే తప్పు మన వైపు, వడ్డీ అడగడానికి మొహం ఉండదు. ఆవిడ సంచిలో కాగితాలన్నీ టేబుల్ మీద పోయించి చూశా. ప్రీమియం రసీదులు, కుట్టుమిషన్ గ్యారంటీ కార్డు, రేషన్ కార్డు జిరాక్స్, వాటి మధ్యలో మెచ్యూరిటీ డబ్బు కోసం కంపెనీకి నింపి ఇచ్చే డిశ్చార్జ్ ఫారం జిరాక్స్ ఒకటి. పైన బ్రాంచ్ గుండ్రటి సీలు, తేదీ 2024 అక్టోబర్ 18, కింద రూపాయి రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా ఆవిడ సంతకం, ఎడమ పక్క బ్యాంకు వివరాల గడిలో ఆవిడ కూతురి చేతిరాతతో `UBIN0` కోడ్ మొత్తం 11 అక్షరాలూ. సీలు ఇంకు ఆ గడి అంచుకి తగిలి ఉంది. ఇంకేం కావాలి. గడువుకి నెలకి పైగా ముందే సరైన కోడ్ వాళ్ళ చేతిలో ఉంది, పేమెంట్ వేసినవాళ్ళు ఫారం చూడకుండా సిస్టమ్‌లో ఉన్న 2016 మాండేట్ లాగేశారు.

ఒరిజినల్ బాండ్ కూడా ఆ రోజే ఇచ్చేసింది. బాండ్ ఇచ్చేముందు మొదటి పేజీ ఒక్కటే కాదు, వెనక పేజీలు, తర్వాత చేసిన మార్పులు రాసే ఎండార్స్‌మెంట్ల పేజీ అన్నీ జిరాక్స్ తీయించుకోమని నేను అందరికీ చెప్తా. మొదటి షెడ్యూల్ పేజీలో పాలసీ నంబర్, మొదలైన తేదీ, మెచ్యూరిటీ తేదీ, సమ్ అష్యూర్డ్ ఉంటాయి. ఎండార్స్‌మెంట్ పేజీ ఖాళీగా ఉండటం కూడా సాక్ష్యమే, పాలసీ ఎవరికీ తాకట్టు పెట్టలేదని అది చూపిస్తుంది. అక్క దగ్గర అన్ని పేజీలూ ఉన్నాయి, కూతురు తీయించిందట, ఆ పిల్లకి దండం పెట్టాలి.

ఇంక బ్యాంకు ప్రూఫ్. దీంట్లో రెండు వేరే వేరే పనులున్నాయి, జనం కలిపేస్తారు. ఒకటి డబ్బు ఎక్కడికి పంపాలో చెప్పేది: పేరు ప్రింట్ అయిన కాన్సిల్డ్ చెక్, లేదా కొత్త కోడ్ ప్రింటైన పాస్‌బుక్ మొదటి పేజీ. రెండోది డబ్బు రాలేదని చూపించేది: స్టేట్‌మెంట్. ఆ స్టేట్‌మెంట్ గడువు తేదీకి కొన్ని రోజుల ముందు నుంచి లెటర్ రాసే రోజు దాకా ఒక్క పేజీ కూడా వదలకుండా ఉండాలి, బ్యాంకు సీలు సంతకం ఉండాలి. మన ఫోన్‌పే ఖర్చులు వాళ్ళకెందుకు అని కొంతమంది లైన్లు కొట్టేసి ఇస్తారు, నాకు అది నచ్చదు, కొట్టేసిన లైన్లో ఏముందో అన్న డౌట్ మనమే పుట్టించినట్టు అవుతుంది. అక్క కోసం 2024 నవంబర్ 20 నుంచి 2025 ఫిబ్రవరి 10 దాకా తీయించాం.

పేరు విషయం కూడా ఒకటి ఉంది. మనవాళ్ళ పేర్లతో ఉండే తలనొప్పే ఇది, బాండ్ మీద ఇంటిపేరు ఒక్క అక్షరం, బ్యాంకులో ఇంటిపేరు మొత్తం. ఇప్పుడు చాలా కంపెనీలు అకౌంట్‌కి రూపాయి పంపి అక్కడి పేరు సరిచూసుకుంటాయి, తేడా ఉంటే ఆపేస్తాయి. ఒక అడ్డంకి తీరగానే ఇంకోటి పైకి లేవకుండా లెటర్లోనే దాన్ని ముందే రాసేశా, పాన్ కార్డు కాపీ జత చేశా.

లెటర్ ఇంగ్లీషులో ఇచ్చాం, విషయం తెలుగులో ఇదీ:

తేదీ: 10-02-2025
బ్రాంచ్ మేనేజర్ గారికి, కాపీ: గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి
విషయం: పాలసీ నంబర్ ........ మెచ్యూరిటీ మొత్తం 4,80,000 రూపాయలు నాకు అందలేదు. అసలు, ఆలస్యపు వడ్డీ చెల్లించవలసిందిగా వినతి.

అయ్యా,
పై పాలసీ 28-11-2024న మెచ్యూర్ అయింది. ఒరిజినల్ పాలసీ బాండును, పూర్తి చేసిన డిశ్చార్జ్ ఫారాన్ని 18-10-2024న మీ బ్రాంచ్‌లో అందజేశాను. మీ సీలు ఉన్న ఫారం కాపీ జత చేస్తున్నాను. అందులోని బ్యాంకు వివరాల గడిలో నా ప్రస్తుత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ రాసి ఉంది.

బ్యాంకు వివరాలు చెల్లనందున నెఫ్ట్ తిరస్కరించబడిందని మీ మెయిల్‌లో తెలిపారు. 18-10-2024న నేనిచ్చిన వివరాలు నేటికీ చెల్లుతున్నాయి. మీరు పేమెంట్ పంపిన ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, పంపిన తేదీ, యూటీఆర్ నంబర్, తిరిగి వచ్చిన తేదీ దయచేసి రాతపూర్వకంగా తెలపండి.

20-11-2024 నుంచి ఈ రోజు వరకు నా ఖాతాలో మీ సంస్థ నుంచి ఏ మొత్తమూ జమ కాలేదు. బ్యాంకు ధృవీకరించిన స్టేట్‌మెంట్ జత చేశాను.

మీరు అడిగినందున కాన్సిల్డ్ చెక్కు ఇప్పుడు మళ్ళీ ఇస్తున్నాను. ఇది 18-10-2024న ఇచ్చిన వివరాలకు నకలు మాత్రమే, కొత్త డాక్యుమెంటు కాదు. బాండులో నా ఇంటిపేరు పొడి అక్షరంగా, బ్యాంకులో పూర్తిగా ఉంది; ఇద్దరూ ఒక్కరే అనడానికి పాన్ కాపీ జత చేశాను.

కాబట్టి 4,80,000 రూపాయలను, 28-11-2024 నుంచి చెల్లించే తేదీ వరకు బ్యాంక్ రేటుపై 2 శాతం కలిపి, అంటే సంవత్సరానికి 8.75 శాతం వడ్డీతో నా ఖాతాకు పంపగలరు.

జతపరచినవి: 1. పాలసీ బాండు అన్ని పేజీల కాపీ 2. 18-10-2024 సీలుతో డిశ్చార్జ్ ఫారం కాపీ 3. కాన్సిల్డ్ చెక్కు 4. పాస్‌బుక్ మొదటి పేజీ 5. బ్యాంకు స్టేట్‌మెంట్ 6. పాన్ కాపీ 7. మీ మెయిల్ ప్రింట్

ఇంతే లెటర్, ఒక్క పేజీ. నా కుట్టుమిషన్ పాతదైపోయింది, ఈ డబ్బులతో కొత్తది కొనాలనుకున్నా అని కూడా రాయమంది అక్క. నేను వద్దన్నా, నిజమే అయినా ఆ ఫైలు చూసేవాడికి దాంతో పని లేదు. ఇందులో బరువంతా మోసేది "కొత్త డాక్యుమెంటు కాదు" అన్న వాక్యం. వాళ్ళు అడిగిన చెక్కు ఇస్తున్నాం కాబట్టి పేమెంట్ ఆగదు, తేదీ మాత్రం వదులుకోవట్లేదు.

8.75 ఎక్కడిదంటే, క్లెయిమ్ ఏ ఆర్థిక సంవత్సరంలో రావాలో ఆ సంవత్సరం మొదట్లో ఉన్న ఆర్బీఐ బ్యాంక్ రేటు తీసుకున్నా. 2024 ఏప్రిల్ 1న అది 6.75, దానికి 2 కలిపా. రెపో రేటు వేరు, బ్యాంక్ రేటు వేరు, చాలామంది అప్పటి రెపో 6.50 వేసి తక్కువ అడుగుతారు. ఈ లెక్కన 4,80,000 మీద ఏడాదికి 42,000, రోజుకి 115 రూపాయలు. లెటర్లో నిబంధన పేరు, క్లాజు నంబర్ నేను కావాలనే వెయ్యలేదు, అవి మధ్యమధ్యలో మారుతుంటాయి, నంబర్ ఒకటి తప్పు పడితే జవాబంతా దాని మీదే రాస్తారు.

బ్రాంచ్‌లో చేత్తో ఇచ్చి మన కాపీ మీద సీలు వేయించుకున్నాం. వేసేవాళ్ళు సాధారణంగా మొదటి పేజీ మీద ఒక సీలు కొట్టి పంపించేస్తారు. జతపరచినవి అన్న లిస్టు కూడా అదే పేజీలో ఉండేలా లెటర్ ఒక్క పేజీకి కుదించింది అందుకే, సీలు పడితే ఏడు కాగితాలూ అందినట్టే. కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి అదే సెట్ స్కాన్ చేసి మెయిల్.

మార్చి 3న 4,80,000 పడింది, సరిగ్గా అంతే. వడ్డీ లేదు, వివరణ లేదు, యూటీఆర్ ప్రశ్నకి జవాబూ లేదు. పాలసీ మొదలైనప్పటి నుంచి ప్రీమియం సమ్ అష్యూర్డ్‌లో 20 శాతం లోపే, ఆవిడది సుమారు 5 శాతం, కాబట్టి అప్పటి ఇన్‌కమ్ టాక్స్ చట్టం సెక్షన్ 10(10డి) కింద ఈ మొత్తం మీద టాక్స్ లేదు, టీడీఎస్ కూడా కట్ కాలేదు, అది కరెక్టే.

అక్క సంతోషంగానే ఉంది, "చాల్లే అన్నా, వచ్చింది కదా" అంది. నేను లెక్క చూపించా. నవంబర్ 28 నుంచి మార్చి 3 దాకా 95 రోజులు, 10,931 రూపాయలు. ఆవిడ కుట్టే బ్లౌజుల లెక్కలో చూసుకుని "ఇంతా!" అని కూర్చుంది.

వడ్డీ కోసం రెండో లెటర్ ఇంకా చిన్నది: అసలు అందింది, 95 రోజుల వడ్డీ అందలేదు, లెక్క ఇదీ, అని గ్రీవెన్స్ ఆఫీసర్‌కే నేరుగా. జవాబు వచ్చింది, బ్యాంకు వివరాలు 10-02-2025న అందాయి కాబట్టి అప్పటి నుంచే వడ్డీ లెక్కిస్తాం అని. అనుకున్నదే. మార్చి 3 దాకా 21 రోజులు, 2,400 చిల్లర.

ఆ జవాబు పట్టుకుని ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టాం. ఐఆర్‌డీఏఐ అంటే హైదరాబాద్ కదా, పోవాలా అని అడిగింది అక్క, అక్కర్లేదు, ఇంట్లో కూర్చునే అయిపోతుంది, నెట్ చేతకానివాళ్ళు 155255కి ఫోన్ చేసినా తీసుకుంటారు. కంప్లైంట్ మళ్ళీ కంపెనీకే వెళ్తుంది, కానీ ఈసారి బ్రాంచ్‌కి కాదు, పైన కూర్చున్నవాళ్ళ టేబుల్ మీదకి, రెండు వారాల్లో తేల్చాలి. అందులో కథ మొత్తం రాయలేదు, సీలున్న డిశ్చార్జ్ ఫారం స్కాన్ పెట్టి, బ్యాంకు వివరాల గడి చుట్టూ గీసి, ఈ వివరాలు మీకు 18-10-2024న అందాయి, 10-02-2025న ఇచ్చినవి అక్షరం తేడా లేకుండా ఇవే అని రెండు లైన్లు.

అక్కడా తేలకపోతే పాలసీదారులకీ కంపెనీలకీ మధ్య గొడవలు తేల్చే ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ ఉన్నారు. కర్ణాటకకి ఆఫీసు బెంగళూరులోనే, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా కేసులు చూస్తారు. కాకపోతే ముందు కంపెనీకి రాసి ఉండాలి, వాళ్ళు కాదన్నా లేక నెల రోజులు జవాబివ్వకపోయినా ఏడాదిలోపు వెళ్ళాలి. మనం వేయించుకున్న సీలు తేదీలు అక్కడ కూడా పనికొస్తాయి. ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే మాత్రం 12 నెలలు దాటాక ఆ డబ్బు క్లెయిమ్ చెయ్యని మొత్తాల కింద పడుతుంది, పదేళ్ళు దాటితే సీనియర్ సిటిజన్స్ వెల్ఫేర్ ఫండ్‌కి వెళ్తుంది. అప్పుడు కూడా తెచ్చుకోవచ్చు, కానీ అది ఇంకో పెద్ద తిరుగుడు.

ఆంబుడ్స్‌మన్ దాకా పోలేదు. మార్చి 27న అక్క అకౌంట్లో 9,838 పడింది. 10,931 కదా అని మళ్ళీ ఫోన్ చేసింది, మిగతా 1,093 వడ్డీ మీద 10 శాతం టీడీఎస్. మెచ్యూరిటీకి టాక్స్ లేకపోయినా ఆలస్యపు వడ్డీ వేరే ఆదాయం కిందకి వస్తుంది. ఆవిడకి టాక్స్ కట్టేంత ఆదాయం లేదు కాబట్టి మన పేరు మీద కట్ అయిన టాక్స్ చూపించే 26ఏఎస్‌లో ఆ ఎంట్రీ చూసుకుని రిటర్న్ వేస్తే రిఫండ్ వస్తుందని చెప్పా.

ఆవిడ కూతురి పేరు మీద అదే బ్రాంచ్‌లో ఇంకో పాలసీ ఉంది, 2027లో మెచ్యూరిటీ. దాని మాండేట్ కూడా `ANDB0` దే. కొత్త చెక్కు జత చేసి మాండేట్ మార్చమని లెటర్ ఇప్పుడే ఇప్పించేశా, మారిందని వాళ్ళ మెయిల్ వచ్చాక ప్రింట్ తీసి బాండ్ కవర్లోనే పెట్టమన్నా.